గర్భిణుల చేత రాజీనామాలు రాయించుకోకండి

విజయవాడ బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట, వన్‌టౌన్ ప్రాంతాల వస్త్ర దుకాణాల యజమానులకు, సూర్యారావుపేట ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలకు,

నమస్కారం.

మీలో చాలామంది నన్ను చూసి ఉండరు. నెలనెలా మీ సంస్థల నుంచి వచ్చే హాజరు పట్టీ చూసుకుని జీతాల లెక్క కట్టి, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. చలానాలు తయారుచేసే కార్యాలయంలో నేను ఉద్యోగిని. మీ దగ్గర ఎవరు చేరారో, ఎవరు మానేశారో, ఎవరి జీతం ఎంత పెరిగిందో కాగితం మీద నాకు తెలుస్తూనే ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా ఆ కాగితాల్లో కనిపిస్తున్న ఒక విషయం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మానేసిన మహిళల ఫైళ్లలో కొన్ని రాజీనామా పత్రాలు అచ్చం ఒకేలా ఉంటాయి. ‘వ్యక్తిగత కారణాల వల్ల నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. సంస్థ నుంచి నాకు రావలసిన బాకీలు ఏమీ లేవు’ అని రెండే వాక్యాలు. కంప్యూటర్‌లో కొట్టిన ఆ వాక్యాల కింద ఒక సంతకం. తేదీ మాత్రం వేరే చేతిరాతలో, వేరే సిరాతో ఉంటుంది. ముందస్తు నోటీసు అన్న ప్రస్తావనే ఉండదు. రాజీనామా రాసిన రోజే తుది లెక్క రసీదు మీద కూడా సంతకం పడి ఉంటుంది. తనంతట తాను ఉద్యోగం మానుకునే మనిషి ఎప్పుడూ ఇలా మానుకోదు. నెల జీతం చేతికి వచ్చేదాకా ఆగుతుంది, పండగ బోనసు చూసుకుంటుంది, పి.ఎఫ్. డబ్బులు ఎప్పుడు వస్తాయని అడుగుతుంది. ఇవేవీ లేకుండా ఒక్క పూటలో మానేసిన వాళ్లకు ఫోను చేస్తే, చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: ‘నాకు ఆరో నెల మేడం, ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమన్నారు.’

వాళ్లలో ఒకామె సంగతి చెబుతాను. పేరు, ఊరు, దుకాణం చెప్పను. ఒక పెద్ద వస్త్ర దుకాణంలో చీరల కౌంటరులో పనిచేసేది. ఫిబ్రవరి 8న చేరింది, నాలుగేళ్ల అయిదు నెలలు దాటాయి. జీతం 15,000 రూపాయలు. డాక్టరు అక్టోబర్ 20కి కాన్పు కావచ్చని చెప్పారు. జూలైలో ఆషాఢం తగ్గింపు అమ్మకాల రద్దీ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పొద్దున తొమ్మిదిన్నరకు కౌంటరు వెనక నిలబడితే రాత్రి దుకాణం కట్టేదాకా కూర్చునే వీలుండదు. కస్టమర్లు ఎదురుగా ఉన్నప్పుడు సిబ్బంది కూర్చోకూడదన్నది అక్కడి రివాజు. ఆమె ఒక స్టూలు అడిగింది. ఆ మర్నాడే, జూలై 12న, ఫ్లోర్ మేనేజర్ పిలిచి, ‘చూడమ్మా, ఇంత రద్దీలో నీకేమన్నా అయితే మాకు మాట వస్తుంది. ఎలాగూ ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్తారు కదా. కాన్పు అయ్యాక రా, చూద్దాం’ అన్నాడట. ముందే అచ్చువేసిన కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. అతను గొంతు పెంచలేదు, కసురుకోలేదు. మంచి మాటలతోనే పంపించేశాడు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే.

ఆ దుకాణం యజమాని ఎందుకలా చేశారని నేను చాలా ఆలోచించాను. ఆరు నెలలు పని చేయని మనిషికి జీతం ఎక్కడి నుంచి ఇవ్వాలన్న భయమే కారణమైతే, ఆ భయానికి ఆధారం లేదు. ఆమె జీతం 21,000 లోపు కాబట్టి ఆమె ఇ.ఎస్.ఐ. పరిధిలో ఉంది. కాన్పు సెలవులో ఆమెకు డబ్బు చెల్లించేది ఇ.ఎస్.ఐ. కార్పొరేషన్, యజమాని కాదు. యజమాని ఆమె కోసం ప్రతి నెలా జీతంలో 3.25 శాతం, అంటే 488 రూపాయలు చందాగా కడుతూనే వచ్చారు. ఆమె జీతం నుంచి 0.75 శాతం, 113 రూపాయలు కోశారు. కాన్పు రోజుల్లో అక్కరకు వస్తుందనే కదా ఇన్నేళ్లూ ఇద్దరి దగ్గరా ఆ డబ్బు తీసుకున్నది.

ఇ.ఎస్.ఐ. లెక్కలో ఏడాదికి రెండు చందా కాలాలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఇంకొకటి. జూలై, డిసెంబర్ల మధ్య కాన్పు అయితే, దానికి ముందు మార్చి నెలాఖరుతో ముగిసిన రెండు చందా కాలాలనూ చూస్తారు. ఆ ఏడాది మొత్తంలో కనీసం 70 రోజులకు చందా ఉంటే చాలు. ఈమెకు ఏడాది పొడవునా ఉంది. అంటే జూలై 12న ఆమె చేత సంతకం పెట్టించే నాటికే ఆమె అర్హత పూర్తయిపోయింది. ఆ రాజీనామా దాన్ని చెరిపేయలేదు. ఇ.ఎస్.ఐ. నిబంధనల దృష్టిలో బీమా ఉన్న వ్యక్తి అంటే ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నవారే కాదు, ఇంతకుముందు ఉద్యోగంలో ఉండి, కట్టిన చందాల వల్ల అర్హత సంపాదించుకున్నవారు కూడా.

ఎంత వస్తుందో చూడండి. 26 వారాలంటే 182 రోజులు. రోజుకు సగటు వేతనం ఎంతో అంతా ఇస్తారు. నెలకు 15,000 చొప్పున ఆరు నెలల చందా కాలానికి 90,000 వేతనం ఉంది కాబట్టి, ఆమెకు వచ్చేది సుమారు 90,000 రూపాయలు. కాన్పుకు ముందు ఎనిమిది వారాలకు మించకుండా వాడుకోవచ్చు గనుక ఆగస్టు 25న సెలవు మొదలుపెడితే ఫిబ్రవరి 22తో ముగుస్తుంది. ఈ మొత్తంలో యజమాని చేతి నుంచి పోయేది ఒక్క రూపాయి కూడా లేదు. ఆ ఆరు నెలలూ ఆమెకు ఇవ్వక్కర్లేని జీతంతోనే ఆమె స్థానంలో ఇంకొకరిని తాత్కాలికంగా పెట్టుకోవచ్చు. శ్రావణం పెళ్లిళ్ల రద్దీకి, దసరాకు, సంక్రాంతికి మీరు తాత్కాలికంగా మనుషులను తీసుకోవడం కొత్తేమీ కాదు.

మరి రాజీనామా వల్ల యజమానికి కలిసి వచ్చిందేమిటి? ఒక్కటే కనిపిస్తుంది, అది గ్రాట్యుటీ. ఆమెకు అయిదేళ్ల సర్వీసు సరిగ్గా ఆ సెలవు చివరి రోజుల్లో, ఫిబ్రవరి 7తో నిండుతుంది. 26 వారాల దాకా కాన్పు సెలవును గ్రాట్యుటీ నిబంధనలు అవిచ్ఛిన్న సర్వీసుగానే లెక్కిస్తాయి. ఆమె జీతమంతా మూల వేతనం, కరువు భత్యమే అనుకుంటే, ఏడాదికి 15 రోజుల చొప్పున అయిదేళ్లకు సుమారు 43,000 రూపాయలు అవుతుంది. జూలైలోనే మానేసినట్టు చూపిస్తే ఆ హక్కు పుట్టదు. కాన్పు అయ్యాక మళ్లీ తీసుకున్నా కొత్త ఉద్యోగిగానే తీసుకుంటారు, సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ యజమాని ఇంత లెక్క వేసి ఉంటారని నేను అనుకోను. ఎక్కువమంది వేయరు. ‘నెలలు నిండుతున్న పిల్ల ఇక పనికి రాదు’ అన్న అలవాటు మాట మీదే ఇదంతా జరిగిపోతోంది. లెక్క వేయకపోయినా నష్టపోయింది మాత్రం ఆ అమ్మాయే.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఉద్యోగం పోయాక ఇ.ఎస్.ఐ. డబ్బు కూడా పోయిందనే ఆమె అనుకుంది. దుకాణంలో ఎవరూ కాదని చెప్పలేదు. గుణదల ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వెళ్లడం మానేసి, పుట్టింటి దగ్గర ప్రైవేటు నర్సింగ్ హోంలో చూపించుకుంటోంది. వాళ్ల నాన్న అప్పు కోసం తిరుగుతున్నాడు. రావలసిన డబ్బు ఉండి కూడా అప్పు కోసం ఒకరి గుమ్మం ఎక్కవలసి రావడం నన్ను నిజంగా బాధపెట్టింది. బీమా నంబరు, డాక్టరు ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా వివరాలు తీసుకుని ఇ.ఎస్.ఐ. శాఖా కార్యాలయంలో క్లెయిము పెట్టమని నేను చెప్పాకే ఆమెకు తెలిసింది.

నెలవారీ ఇ.ఎస్.ఐ. ఫైలు ఎలా ఉంటుందో మీరు చూసి ఉండకపోవచ్చు. ప్రతి ఉద్యోగి పేరు ఎదుట పనిచేసిన రోజులు, వేతనం రాయాలి. రోజులు సున్నా అయితే ఎందుకు సున్నా అన్నదానికి పక్క గడిలో ఒక అంకె వేయాలి. 1 వేస్తే సెలవులో ఉన్నట్టు. 2 వేస్తే ఉద్యోగం మానేసినట్టు, ఆఖరి పనిదినం తేదీ కూడా వేయాలి. కాన్పు సెలవులో ఉన్న మహిళకు వేయవలసింది 1. వేతనం లేదు కాబట్టి ఆ నెలలకు చందా కట్టక్కర్లేదు, పేరు మాత్రం మీ సంస్థలోనే ఉంటుంది. మీ దగ్గర నుంచి మాకు వచ్చే పట్టీల్లో గర్భిణుల పేర్ల ఎదుట 2 రాసి వస్తోంది. ఆ నెలల్లో మీకు ఖర్చులో తేడా ఏమీ లేని ఆ రెండు అంకెల మధ్యే ఆమె సర్వీసు నిలవడమో తెగిపోవడమో తేలుతోంది.

ఇక ఆసుపత్రుల వారితో కొంచెం వేరుగా మాట్లాడాలి. మీ దగ్గర స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు చాలామందికి జీతం 21,000 దాటి ఉంటుంది. అప్పుడు ఇ.ఎస్.ఐ. వర్తించదు, 26 వారాల వేతనం యాజమాన్యమే ఇవ్వాలి. 24,000 జీతం ఉన్న ల్యాబ్ టెక్నీషియన్‌కు ఆరు నెలల జీతం, అంటే 1,44,000 రూపాయలకు తగ్గదు. పది పన్నెండు మంది సిబ్బందితో నడిచే నర్సింగ్ హోముకు అది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. మీ పద్దులు రాసేదాన్ని, తెలియకుండా ఎలా ఉంటుంది? ఈ భారాన్ని యజమాని ఒక్కడి నెత్తిన పెట్టకుండా ప్రభుత్వం కొంత పంచుకోవాలన్నదే నా అభిప్రాయం కూడా. ఆ మాట మీ సంఘాల తరఫున ప్రభుత్వాన్ని అడగండి, నేనూ సంతకం పెడతాను. అప్పటిదాకా ఆ భారాన్ని ఆరో నెల గర్భిణి మీదకు నెట్టడం మాత్రం ఒప్పుకోలేను.

చట్టం ఏం చెబుతుందో సూటిగా చూద్దాం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉన్న రక్షణలు సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చాయి, ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే ఆమెకు అర్హత వచ్చినట్టే. అప్పటికే ఇద్దరు పిల్లలున్న తల్లికి సెలవు 12 వారాలు, మిగతావారికి 26. ఆ సెలవులో ఉండగా తీసేయడం, సెలవు మధ్యలో గడువు ముగిసేలా నోటీసు ఇవ్వడం, ఆమెకు నష్టం కలిగేలా ఉద్యోగ షరతులు మార్చడం చట్టవిరుద్ధం. ఇంకా ముందే, గర్భంతో ఉన్నప్పుడు ఎప్పుడు తీసేసినా ఆ తొలగింపు ఆమె ప్రసూతి వేతనాన్ని తీసివేయలేదు. తీవ్రమైన దుష్ప్రవర్తన ఒక్కటే దీనికి మినహాయింపు, అది కూడా రాతపూర్వకంగా చెప్పాలి. తొలగింపు ఉత్తర్వు అందిన 60 రోజుల్లోగా ఆమె అధికారులకు అప్పీలు చేసుకోవచ్చు.

జాగ్రత్తగా చూస్తే ఈ రక్షణంతా తొలగింపు మీద నిలబడి ఉంది. రాజీనామా తొలగింపు కాదు. అందుకే ఎవరూ తీసేశామని కాగితం ఇవ్వరు, మానేశానని ఆమె చేతే రాయించుకుంటారు. మీకు ఈ సలహా ఎవరిచ్చారో నాకు తెలియదు గానీ అది మంచి సలహా కాదు. రాజీనామా ఇష్టపూర్వకంగా ఇచ్చిందా, ఒత్తిడి మీద ఇచ్చిందా అన్న ప్రశ్న వస్తే విచారణలో చూసేది నేను పైన చెప్పిన ఆనవాళ్లనే. గర్భం సంగతి చెప్పిన మర్నాడే తేదీ, సంస్థ కంప్యూటర్‌లోనే కొట్టిన వాక్యాలు, నోటీసు లేకపోవడం, అదే నమూనాలో అంతకుముందు మానేసిన ఇంకో ఇద్దరు గర్భిణుల పత్రాలు. మీరు భద్రంగా దాచుకున్న ఫైలే మీకు ఎదురు సాక్ష్యం చెబుతుంది.

ఆసుపత్రుల్లో ఇంకో పద్ధతి ఉంది. పదకొండు నెలల కాంట్రాక్టు రాసుకోవడం, గర్భిణి అయితే గడువు తీరగానే పొడిగించకుండా వదిలేయడం. ‘మేం తీసేయలేదు, కాంట్రాక్టు అయిపోయింది’ అంటారు. ఈ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లి వీగిపోయింది. ఢిల్లీలో డాక్టర్ కవితా యాదవ్ అనే సీనియర్ రెసిడెంట్ 2017 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగారు. ఆమె కాంట్రాక్టు జూన్ 11తో ముగుస్తుంది. పదకొండు రోజులకే ప్రయోజనం వస్తుందని ఆసుపత్రి అంది, హైకోర్టు కూడా ఆమె మాట వినలేదు. 2023 ఆగస్టు 17న సుప్రీంకోర్టు, అర్హత ఒకసారి వచ్చాక కాంట్రాక్టు గడువు దాటినా పూర్తి ప్రసూతి ప్రయోజనం ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. కాంట్రాక్టును తప్పనిసరిగా పొడిగించమని కోర్టు అనలేదు, డబ్బు ఎగ్గొట్టడానికి మాత్రం గడువు సాకు కాదంది. మీ కాంట్రాక్టు కాగితంలో ‘గర్భం దాలిస్తే ఒప్పందం రద్దు’ అని రాసుకున్నా ఆ వాక్యం చెల్లదు.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలన్నదానిలోనూ ఒక తప్పు తరచుగా జరుగుతోంది. ‘కాన్పు అయ్యి తిరిగి చేరాక మొత్తం ఇస్తాం’ అని కొన్ని యాజమాన్యాలు అంటున్నాయి. చట్టంలో అలా లేదు. గర్భం ధ్రువపత్రం ఇవ్వగానే కాన్పుకు ముందు సెలవు రోజుల డబ్బు ముందుగానే ఇవ్వాలి. కాన్పు అయినట్టు రుజువు ఇచ్చిన 48 గంటల్లో మిగతాది ఇవ్వాలి. ఆసుపత్రి ఉచితంగా వైద్యం చూపించకపోతే పైన 3,500 రూపాయల మెడికల్ బోనసు కూడా ఇవ్వాలి. ఖర్చంతా ఉండేది కాన్పు రోజుల్లో. ఆరు నెలల తర్వాత వచ్చే డబ్బు ఆ రోజుల్లో తీసుకున్న అప్పుకు వడ్డీ కట్టడానికే సరిపోతుంది.

నేను మిమ్మల్ని అడిగేవి పెద్ద కోరికలు కావు. గర్భిణి అయిన ఉద్యోగిని దగ్గర రాజీనామా తీసుకోవద్దని మీ ఫ్లోర్ మేనేజర్లకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు ఒక్క వాక్యం రాతలో ఇవ్వండి. నోటి మాట చాలదు, రద్దీ రోజున వాళ్లు అది మరిచిపోతారు. నియామక పత్రం ఇచ్చేటప్పుడే ప్రసూతి ప్రయోజనం గురించి రాసివ్వాలని 2017 సవరణ చెప్పింది. మేము తయారుచేసే పత్రంలో ఆ పేరా ఉంది, దయచేసి దాన్ని కొట్టేయకండి. ఇక నిలబడే పని గురించి. కాన్పుకు ఆరు వారాల ముందు రోజు నుంచి వెనక్కి నెల రోజుల పాటు, ఆమె అడిగితే ఎక్కువసేపు నిలబడే పని చెప్పకూడదని చట్టమే అంటోంది. మనం చెప్పుకున్న ఆమెకు ఆ నెల ఆగస్టు 8 నుంచి సెప్టెంబర్ 7 దాకా. చట్టం చెప్పిన కాలం ఆగస్టులోనే మొదలైనా జూలైలో అడిగిన స్టూలు ఇవ్వడానికి చట్టం అవసరమా? చీరలు మడతపెట్టే బల్ల దగ్గరో, బిల్లింగ్‌లోనో, గోదాములో లెక్క చూసేచోటో కూర్చుని చేసే పని ప్రతి పెద్ద దుకాణంలో ఉంటుంది. అక్కడికి మార్చండి.

ఇకపై నా వంతుగా నేనొకటి నిర్ణయించుకున్నాను. నా చేతి మీదుగా వెళ్లే ఫైళ్లలో ఏ మహిళ పేరు ఎదుటైనా 2 వేయాల్సి వస్తే, ఆమెకు ఫోను చేసి మాట్లాడాకే వేస్తాను. గర్భిణి అని తెలిస్తే ఆ సంగతి రాతలో మీకు తెలియజేసి, మీ జవాబు వచ్చేదాకా 1గానే ఉంచుతాను. మా కార్యాలయం పెద్దలకు కూడా ఈ మాట చెప్పాను, వారు సరేనన్నారు.

చలానా గడువు ప్రతి నెలా 15. వచ్చే చలానాకు పట్టీ పంపేముందు, గడచిన ఆరు నెలల్లో మీ దగ్గర మానేసిన మహిళల పేర్లు ఒక్కసారి చూడండి. వారిలో గర్భిణులు, బాలింతలు ఉంటే మీరే ఫోను చేసి, ఆ కాగితం రద్దు చేశామని చెప్పండి. పాత బీమా నంబరుతోనే వారిని మళ్లీ చేర్చవచ్చు. సర్వీసు తెగలేదని మీరు ఒక ఉత్తరం ఇస్తే చాలు, మిగతా పని నేను చేసి పెడతాను.

ఇట్లు,
మీ జీతాల పట్టీలు రాసే ఒక ఉద్యోగిని,
గవర్నర్‌పేట, విజయవాడ